పరీక్షల నెలల్లో జుట్టు ఊడిపోతుంటే: నూనె మార్చే ముందు ఏం చూసుకోవాలి

జనవరి దాటిందంటే మా ల్యాబ్‌కి వచ్చే ఆడపిల్లలు ఒకటే అడుగుతారు. "అన్నా, జుట్టు ఊడిపోతాంది, ఏ టెస్టు చేయించుకోవాల?" మగపిల్లలూ అడుగుతారు, కాకపోతే కాస్త గొంతు తగ్గించి. నేను డాక్టర్ని కాను. కర్నూల్లో ఒక చిన్న ల్యాబ్‌లో పదిహేనేళ్లుగా రక్తం తీస్తున్న టెక్నీషియన్ని. విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇదంతా ఒకచోట రాస్తున్నా.

దీనికి మా అక్క కూతురి కథే సరిపోతుంది. రాసుకో మామా, పేరు మాత్రం వద్దంది. ఇంట్లో చిట్టి అంటాం, ఇక్కడా అదే. డోన్ దగ్గర పల్లె వాళ్లది. ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ, కర్నూల్లో హాస్టల్. జనవరిలో మొదలైన జుట్టు గొడవ ప్రాక్టికల్స్, థియరీ పరీక్షలు, నీట్ అన్నీ దాటుకుని మే నెలలో గానీ ఒక కొలిక్కి రాలేదు. ఆ నాలుగు నెలల్లో ఆ పిల్ల చేయని వైద్యం లేదు. ఉల్లిపాయ రసం, మందారాకు, కోడిగుడ్డు, గుంటగలగరాకు నూనె, తలకి మినరల్ వాటర్ క్యాన్లు, జుట్టు బిళ్లలు. చివరికి "తిరుమల పోయి గుండు కొట్టించుకుంటే ఒత్తుగా వస్తుందంట" అనేదాకా వచ్చింది. మొక్కు ఉంటే గుండు కొట్టించుకోండి, మంచిదే. వెంట్రుక మందం మాత్రం చర్మం కింద ఉన్న కుదురులో నిర్ణయమవుతుంది, పైన కత్తి ఆడించినంత మాత్రాన మారదు.

ఏమేం కావాలి

ఒక తెల్ల కాగితం, టీ వడగట్టే జాలీ లేదా పాత చున్నీ ముక్క, ఒక దారం, స్కేలు, కిందటి ఆరు నెలలు కనిపించే క్యాలెండరు, ఫోను. ఒక వారం ఓపిక. రక్తపరీక్షకి డబ్బులు ఆ తర్వాత సంగతి.

1. క్యాలెండర్లో మూడు నెలలు వెనక్కి పోండి

అందరూ నిన్న మొన్న ఏం జరిగిందా అని చూస్తారు. నీళ్లు మారాయి, షాంపూ మారింది, టెన్షన్ పెరిగింది అంటారు. తల మీద వెంట్రుక ఆ లెక్కన నడవదు. ఒక్కో వెంట్రుకా కొన్నేళ్లు పెరిగి, ఆ తర్వాత సుమారు మూడు నెలలు ఊరికే కుదురులో నిలబడి, అప్పుడు రాలుతుంది. ఒంటికి గట్టి దెబ్బ తగిలితే, అంటే పెద్ద జ్వరమో, ఆపరేషనో, కడుపు మాడ్చుకుని బరువు తగ్గడమో జరిగితే, పెరుగుతున్న వెంట్రుకలు చాలా ఒకేసారి ఆ నిలబడే దశలోకి పోతాయి. రాలేది రెండు మూడు నెలల తర్వాతే. అప్పటికి జ్వరం సంగతి మనకే గుర్తుండదు.

చిట్టిని మొదట అడిగినప్పుడు "ఏం లేదు మామా, టెన్షనే" అంది. నేనూ సరేననుకున్నా. అక్టోబరు మధ్యలో ఆ పిల్లకి డెంగీ వచ్చింది. ఆరు రోజులు జ్వరం, ప్లేట్‌లెట్లు అరవై వేలకి దిగినాయి. రోజు విడిచి రోజు ఆ రక్తం తీసింది నేనే! జనవరి మొదటి వారంలో జుట్టు మొదలైంది. మధ్యలో సరిగ్గా పదకొండు వారాలు. ఈ లెక్క నాకు తట్టలేదు. మే నెలలో చర్మం డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న అదే: "మూడు నెలల ముందు ఏమైంది?"

కాబట్టి ఊడటం మొదలైన వారం గుర్తుపెట్టుకుని, అక్కణ్ణించి రెండు నెలల ముందు, మూడు నెలల ముందు, నాలుగు నెలల ముందు ఏం జరిగిందో కాగితం మీద రాయండి. జ్వరాలు, మందులు, తిండి మానేసిన రోజులు, హాస్టల్ మారడం, నెలసరి తేడాలు, అన్నీ. ఆ కాగితం డాక్టరు దగ్గరికి మీతో రావాలి.

టెన్షన్ గురించి ఒక మాట. చిట్టి గదిలో ఎనిమిది మంది ఉంటారు, ఎనిమిది మందికీ అవే పరీక్షలు. ఊడింది ఒక్క చిట్టికి. టెన్షన్ వల్ల అసలు ఊడదని నేననను. మామూలు పరీక్షల భయం మీద నెపం పెట్టేస్తే ఇంక వెతకడం ఆగిపోతుంది. అదీ బాధ.

2. రాలిన వెంట్రుక మొదలు చూడండి

మొత్తంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిందని అనిపించేది ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు. దువ్విన తర్వాత ఒక ఇరవై వెంట్రుకలు తీసి తెల్ల కాగితం మీద పరవండి. వెలుతురులో రెండు కొనలూ చూడండి. ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

ఒక కొసన ఆవగింజలో పదో వంతుండే తెల్లటి బుడిపె కనిపిస్తే అది వేరు దగ్గరనుంచి, తన కాలం ముగిసి రాలిన వెంట్రుక. చాలామంది ఈ బుడిపె చూసి "వేరుతో సహా వచ్చేసింది, ఇంక మొలవదు" అని ఏడుస్తారు. అది వేరు కాదు. కుదురు చర్మం లోపలే ఉంది, అక్కడినుంచి మళ్లీ వస్తుంది. బుడిపె లేకుండా రెండు కొసలూ తెగినట్టుంటే అది రాలింది కాదు, విరిగింది.

మన ఊళ్లలో ఈ తేడా ముఖ్యం. కర్నూలు హాస్టళ్లలో సగం బోరు నీళ్లే, బకెట్ అంచుకి తెల్లగా ఉప్పు కట్టే నీళ్లు. ఆ నీళ్లతో జుట్టు పీచులాగా అవుతుంది, చిక్కు పడుతుంది, దువ్వితే మధ్యలో తెగుతుంది. వేరు దగ్గరనుంచి గుప్పెళ్లు గుప్పెళ్లు ఊడటానికి మాత్రం ఉప్పు నీళ్లు కారణం కావు. చిట్టి కాగితం మీద ఇరవైలో పద్దెనిమిదింటికి బుడిపె ఉంది. అప్పటికే మా అక్క డోన్ నుంచి ప్రతి ఆదివారం వచ్చి, తల స్నానానికని రెండు మినరల్ వాటర్ క్యాన్లు కొని మూడో అంతస్తుకి మోయించేది. ఇరవై వెంట్రుకలు జనవరిలోనే చూసుంటే ఆ మోత తప్పేది.

మీ ఇరవైలో ఎక్కువ విరిగినవే అయితే మీ దారి వేరు. తడి జుట్టు దువ్వడం ఆపండి, వెడల్పు పళ్ల దువ్వెన వాడండి, బిగించి వేసే జడ వదులు చేయండి, చివరి మగ్గు మంచినీళ్లతో పోసుకోండి. రక్తపరీక్షల కోసం పరిగెత్తక్కర్లేదు.

3. ఎక్కడ ఊడుతోందో చూడండి

పాపిట, కణతలు, నడినెత్తి, వెనక భాగం, నాలుగు ఫోటోలు తీయించుకోండి. ఒకే చోట, ఒకే వెలుతురులో.

తలంతా సమంగా పలచబడితే ఇంతవరకు చెప్పిన దారిలోనే ఉన్నారు. రూపాయి బిళ్లంత నున్నగా ఒకచోట ఊడితే అది పేనుకొరుకుడు. పేరులో పేను ఉంది గానీ పేలకీ దానికీ సంబంధం లేదు, మన ఒంట్లో రక్షణ వ్యవస్థే కుదుళ్ల మీద పడటం వల్ల వస్తుంది. దాని మీద వెల్లుల్లి రుద్ది చర్మం కాల్చుకుని వచ్చినవాళ్లని చూశాను. ఊడినచోట పొలుసులు, దురద, చీము ఉంటే తామర కావచ్చు. ఈ రెండింటికీ, ఊడినచోట చర్మం మెరుస్తూ కుదుళ్ల రంధ్రాలే కనపడకపోయినా, మిగతా మెట్లు వదిలేసి నేరుగా చర్మ వైద్యుల దగ్గరికి పోండి.

అమ్మాయిల్లో పాపిట ముందునుంచి వెనక్కి పోతూ వెడల్పవుతుంటే, నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తుంటే, గడ్డం మీద గట్టి వెంట్రుకలు మొలుస్తుంటే అది హార్మోన్ల సంగతి. అబ్బాయిల్లో కణతల దగ్గర జుట్టు వెనక్కి జరగడం పద్దెనిమిదేళ్లకే మొదలు కావచ్చు, దానికి జ్వరం కారణం కాదు, దాని మందులు వేరు.

ఇంకొకటి, చదువుకునే పిల్లల్లో ఎక్కువ, ఎవరూ చెప్పరు. పుస్తకం ముందేసుకుని ఒక చేత్తో వెంట్రుక చుట్టి చుట్టి పీకే అలవాటు. తమకే తెలియకుండా చేస్తుంటారు. ఒక పక్కే పలచబడి, అక్కడ పొట్టీ పొడుగూ ముక్కలు నిలబడి ఉంటే ఇది ఆలోచించండి. తిట్టొద్దు. డాక్టరుకి చెప్పండి.

4. ఒక వారం లెక్క పెట్టండి

రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం మామూలు. చిక్కంతా ఆ "రోజుకి" అన్న మాటతోనే. తలస్నానం రోజున రాలేవి ఒక్కరోజువి కావు, వారంలో వదులై జుట్టులోనే చిక్కుకున్నవన్నీ అప్పుడే దిగుతాయి. చిట్టి చేసిన పెద్ద తప్పు ఇక్కడే. స్నానం చేస్తే ఊడుతోందని ఫిబ్రవరిలో పదిరోజులు తలకి నీళ్లు తగలనివ్వలేదు. పదకొండో రోజు పోసుకుంటే బాత్రూం జాలీ మూసుకుపోయి నీళ్లు నిలిచాయి. ఆ రాత్రి ఫోన్ చేసి "మామా, తలంతా అయిపోయింది" అని ఒకటే ఏడుపు. రేప్పొద్దున బోటనీ ప్రాక్టికల్.

ఇలా చేయండి. వారంలో ఒకే రోజు తలస్నానం పెట్టుకోండి. నీళ్లు పోయే చోట జాలీయో చున్నీ ముక్కో వేయండి. వచ్చినవన్నీ పేపర్ మీద ఆరబెట్టి పది పది కట్టలుగా లెక్కపెట్టండి. మిగతా ఆరు రోజులూ పొద్దున ఒక్కసారే దువ్వి, దువ్వెనకీ దిండుకీ అంటినవి లెక్కపెట్టి రాయండి. అన్నీ కలిపి ఏడుతో భాగించండి.

చిట్టి లెక్క ఏప్రిల్ చివర్లో పెట్టించాను. ఆరు రోజుల దువ్వెన లెక్క 60, 75, 70, 65, 80, 70, కలిపి 420. ఆదివారం స్నానానికి 780. మొత్తం 1200, ఏడుతో భాగిస్తే రోజుకి 171. ఎక్కువే, కాదనను. కానీ తల మీద ఉండేవి సుమారు లక్ష. ఈ అంకె చూశాక ఆ పిల్ల కాస్త ఊపిరి పీల్చుకుంది, వాళ్లమ్మ అంతకంటే ఎక్కువ.

ఒక వారం చాలు. రోజూ లెక్కపెడుతూ కూర్చుంటే అదే ఒక జబ్బవుతుంది.

దారం కొలత కూడా ఇప్పుడే తీసుకోండి. జుట్టంతా వెనక్కి తీసి రబ్బరు బ్యాండు వేసి, బ్యాండు పక్కనే దారం ఒక చుట్టు చుట్టి స్కేలు మీద పెట్టండి. చిట్టికి 6.5 సెంటీమీటర్లు వచ్చింది. తర్వాత పోల్చుకోడానికి ఇదే ఆధారం.

5. తలకి రాసేవీ, నోట్లో వేసుకునేవీ ఆపండి

ఉల్లిరసం ఆపండి. కుదురు దాకా పోయి పనిచేస్తుందని నమ్మకంగా చెప్పలేం, చర్మం మంట పుట్టడం మాత్రం కళ్లారా చూస్తున్నదే. నూనె రాసుకుంటే నష్టం లేదు, జుట్టు మెత్తబడుతుంది, ఊడటం ఆగదు.

మందుల షాపులో ఎవరో చెప్పారని మినాక్సిడిల్ కొనకండి. దాని అవసరం ఉన్న జబ్బులున్నాయి, అది డాక్టరు తేల్చాలి. మొదలుపెట్టిన కొత్తలో కొన్ని వారాలు ఇంకా ఎక్కువ రాలేలా చేస్తుంది కూడా. పరీక్షల ముందు ఆ భయం ఒకటి అదనంగా ఎందుకు?

ఇప్పుడు జుట్టు బిళ్లలు. ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి.

6. రక్తపరీక్ష: బయోటిన్ మానేసి రండి

ఫిబ్రవరిలో చిట్టిని ల్యాబ్‌కి తీసుకొచ్చినప్పుడు హిమోగ్లోబిన్ ఒక్కటే చూశాను. 11.8. ఆడపిల్లకి 12 ఉండాలి. "పెద్ద తక్కువేం కాదులే, ఆకుకూరలు తిను" అని పంపేశాను. రాగి సంగటి తినమని కూడా చెప్పాను, మన పక్క అందరూ చెప్పినట్టే. రాగుల్లో ఎక్కువగా ఉండేది కాల్షియం. ఇనుముకి ఒక్క రాగుల్నే నమ్ముకోలేం.

ఏప్రిల్లో థైరాయిడ్ చేశాం. థైరాయిడ్‌ని పనిచేయమని మెదడు నుంచి వచ్చే టీఎస్‌హెచ్ 0.15 వచ్చింది, చాలా తక్కువ. థైరాయిడ్ తయారుచేసే టీ4 ఎక్కువ వచ్చింది. కాగితం చూస్తే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నట్టే. మా అక్క ముఖం మాడిపోయింది. తెలిసినాయన ఒకరు "బిళ్లలు మొదలుపెట్టేద్దాం" అన్నాడు. గుండె దడ ఉందా, బరువు తగ్గావా, చేతులు వణుకుతున్నాయా అని అడిగితే చిట్టి అన్నిటికీ లేదంది. అప్పుడు గానీ నాకు అనుమానం రాలేదు.

"ఏమైనా బిళ్లలు మింగుతాండావా పాపా?"

"జుట్టుకి మామా. ఫ్రెండ్ ఇచ్చింది. రోజుకొకటి."

డబ్బా తెప్పించి చూస్తే ఒక్కో బిళ్లలో బయోటిన్ అనే విటమిన్ 10 మిల్లీగ్రాములు. ఒంటికి రోజుకి కావలసింది మైక్రోగ్రాముల్లో, ఓ ముప్ఫై. అంటే దానికి మూడు వందల రెట్లు. ఒంటికి పెద్దగా హాని చేయదు, మిగిలింది మూత్రంలో పోతుంది. చేసే చెడుపంతా మా యంత్రంలోనే. థైరాయిడ్ చూసే యంత్రాల్లో చాలావాటిలో బయోటిన్‌నే జిగురులాగా వాడతారు. రక్తంలో అదే బయోటిన్ నిండా ఉంటే ఆ జిగురు సరిగా అంటుకోదు. దాంతో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఎక్కువగా చూపించవచ్చు. అన్ని యంత్రాల్లోనూ ఇలా జరగదు, మీ ల్యాబ్‌లో ఏది ఉందో మీకు తెలీదు కాబట్టి మానేసి రావడమే మేలు. కనీసం రెండు రోజులు ఆపాలి. ఇంత పెద్ద మోతాదైతే ఇంకో రెండు రోజులు ఎక్కువే ఆగండి. నేను వారం ఆగి మళ్లీ రక్తం తీశాను. టీఎస్‌హెచ్ 2.4. థైరాయిడ్ నిక్షేపంలా ఉంది.

ఆ రోజునుంచి సూది గుచ్చే ముందు "జుట్టుకి, గోళ్లకి ఏమైనా మింగుతున్నారా" అని అడగడం అలవాటు చేసుకున్నాను. మీ ల్యాబ్‌లో అడక్కపోతే మీరే చెప్పండి.

ఇక అడగాల్సిన పరీక్షలు. తలంతా సమంగా ఊడుతుంటే మొదట మూడు చాలు: పూర్తి రక్తకణాల పరీక్ష అంటే సీబీపీ, ఫెరిటిన్, టీఎస్‌హెచ్. మిగతావి డాక్టరు చెబితే చూద్దురు. "హెయిర్ ప్యాకేజీ" అని నలభై పరీక్షలు కట్టగట్టి అమ్ముతారు. మా వ్యాపారమే అయినా చెబుతున్నా, మొదటిసారికి అవి వద్దు.

ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచిన ఇనుము లెక్క. హిమోగ్లోబిన్ జేబులో డబ్బయితే ఇది బ్యాంకులో డబ్బు. జేబు ఖాళీ అయ్యేలోపే బ్యాంకు ఖాళీ అవుతుంది. చిట్టికి మళ్లీ తీసిన రక్తంలో ఫెరిటిన్ 9 వచ్చింది. 15 కంటే తక్కువైతే నిల్వలు ఖాళీ అయినట్టే. జుట్టు చూసే డాక్టర్లలో చాలామంది 40 పైన ఉండాలని కోరుకుంటారు. కాబట్టి రిపోర్టులో "నార్మల్" అని ఉన్నా అంకె 18 లాంటిది అయితే డాక్టరుకి చూపించి అడగండి.

రెండు జాగ్రత్తలు. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ లేనిది ఉన్నట్టు పెరిగి కనిపిస్తుంది, తగ్గి రెండు మూడు వారాలయ్యాక చేయించుకోండి. సీబీపీలో ఎర్రకణాల సైజు చిన్నగా ఉండి, ఫెరిటిన్ మాత్రం బాగానే ఉంటే అది ఇనుము లోపం కాకపోవచ్చు, తల్లిదండ్రుల నుంచి వచ్చే తలసీమియా లక్షణం కావచ్చు. అందుకే పరీక్ష లేకుండా ఐరన్ బిళ్లలు మొదలుపెట్టొద్దంటాను.

7. డాక్టరు దగ్గరికి ఎలా వెళ్లాలి

చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లాలి, బ్యూటీ పార్లర్‌కో బోర్డు మీద జుట్టు బొమ్మ ఉన్న ప్రతి చోటికో కాదు. కర్నూలు, కడప, అనంతపురం మూడింట్లోనూ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంది. పొద్దున్నే పోతే పని అవుతుంది.

తలకి నూనె పెట్టుకుని పోవద్దు. బిగించి జడ వేసుకోవద్దు. క్యాలెండరు కాగితం, వారం లెక్క, ఫోటోలు, రిపోర్టులు, మింగిన బిళ్లల డబ్బా తీసుకుపోండి. రాలిన జుట్టు ఉండ కట్టి సంచిలో తీసుకుపోయేవాళ్లున్నారు. వారం లెక్క రాసుకున్నవాళ్లకి ఆ సంచి అక్కర్లేదు.

నీట్ అయిన వారానికి చిట్టి వెంట నేనూ పోయాను. డాక్టరమ్మ మూడు వేళ్లతో ఒక యాభై వెంట్రుకలు పట్టుకుని, మొదట్లోంచి కొస దాకా మెల్లగా జారుస్తూ లాగింది. ఎనిమిది చేతిలోకొచ్చాయి. పట్టుకున్నవాటిలో పదో వంతు కంటే ఎక్కువ వస్తే ఊడటం చురుగ్గా ఉన్నట్టు. ఇలాగే నాలుగు చోట్ల లాగి, భూతద్దంలాంటి దీపంతో పాపిట చూసింది. వెంట్రుకలన్నీ ఒకే మందం, పాపిట వెడల్పు కాలేదు, చర్మం శుభ్రంగా ఉంది. తర్వాత కాగితం చదివింది. చదివాక చిట్టిని రెండే అడిగింది.

"నెలసరి ఎన్ని రోజులుంటుందమ్మా?"

"ఏడెనిమిది రోజులు మేడం."

"టీ ఎన్నిసార్లు తాగుతావు?"

చిట్టి నా వైపు చూసింది. "రాత్రి చదువుకి... నాలుగైదు సార్లు."

చీటీ మీద టెలోజెన్ ఎఫ్లూవియం అని రాసింది, అంటే వెంట్రుకలు చాలా ఒకేసారి ఆ నిలబడే దశలోకి పోయి రాలడం. డెంగీతో మొదలైందని, ఉత్త డెంగీ వల్లే అయితే ఈపాటికి తగ్గుముఖం పట్టాల్సిందని, ఇనుము లేక ఆగడం లేదని చెప్పింది. ఎక్కువ నెలసరి, పొద్దున ఉగ్గాని మానేసి ఉత్త టీతో క్లాసుకి పోవడం, తిండిలో ఇనుమును ఒంటికి పట్టనివ్వకుండా అన్నం తినగానే మళ్లీ టీ, మూడూ కలిసి బ్యాంకు ఖాళీ చేశాయన్నమాట. తలకి మందు ఏమీ రాయలేదు. ఆ మాటకి మా అక్క నొచ్చుకుంది, "ఇంతదూరం వస్తే నూనె కూడా ఇయ్యలేదే" అని.

అబ్బాయిలకి ఒక హెచ్చరిక. మీకు నెలసరి లేదు కాబట్టి ఫెరిటిన్ తక్కువొస్తే రక్తం ఇంకెక్కడో పోతోందేమో, మొలలా, కడుపులో పుండా, పురుగులా అని చూడాలి. ఉత్త బిళ్లలతో సరిపెట్టొద్దు.

8. ఐరన్ బిళ్ల వేసుకునే పద్ధతి

చిట్టికి 100 మిల్లీగ్రాముల ఇనుము ఉన్న బిళ్ల, రోజు విడిచి రోజు రాసిచ్చారు. రోజూ వేసుకుంటే త్వరగా ఎక్కుతుందని చాలామంది అనుకుంటారు. ఒకరోజు పెద్ద మోతాదు పడ్డాక మరుసటి రోజు పేగు ఇనుమును సరిగా లోపలికి పోనివ్వదు. మీ మోతాదు మీ డాక్టరు చెప్పిందే.

ఖాళీ కడుపున నిమ్మకాయ నీళ్లతో వేసుకోండి. ముందూ వెనకా రెండు గంటలు టీ, కాఫీ, పాలు, కాల్షియం బిళ్ల వద్దు. కడుపులో తిప్పితే తిన్నాక వేసుకోండి, కాస్త తక్కువ ఎక్కినా మానేయడం కంటే నయం. థైరాయిడ్ బిళ్ల వేసుకునేవాళ్లు రెంటికీ నాలుగు గంటల ఎడం పెట్టండి. మలం నల్లగా వస్తుంది, భయపడొద్దు. మలబద్ధకం చేస్తే నీళ్లు పెంచండి, తగ్గకపోతే బిళ్ల మార్పించుకోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే డబ్బా అటక మీద పెట్టండి. అవి చాక్లెట్లలా కనిపిస్తాయి, నాలుగైదు మింగినా పసిపిల్లల ప్రాణానికే ముప్పు.

తిండిలో మాంసం తినేవాళ్లకి కార్జం మేలు. తిననివాళ్లు శనగలు, అలసందలు, ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోండి. నిల్వలు 9కి పడ్డాక తిండి ఒక్కదానితో పైకి రావు, బిళ్ల పడాల్సిందే.

9. తగ్గుతోందో లేదో ఎలా తెలుస్తుంది

అందరూ తప్పు చేసేది ఇక్కడే. నెల తిరక్కుండా "బిళ్లలు పనిచేయలేదు" అని మానేస్తారు. నెలకి హిమోగ్లోబిన్ పెరుగుతుంది, జుట్టు కాదు. చిట్టికి జూన్‌లో 12.6 వచ్చింది, ఊడటం మాత్రం అంతే ఉంది. అప్పుడు కూడా ఫోన్ చేసి ఏడ్చింది. మొదటి మెట్టులో చెప్పిన మూడు నెలల లెక్క ఇటువైపూ పనిచేస్తుంది, ఇవాళ ఒంటికి మంచి జరిగితే తల మీద తెలిసేది రెండు మూడు నెలలకి.

మూడు నెలలకి మళ్లీ వారం లెక్క పెట్టండి, మళ్లీ ఫెరిటిన్ చేయించుకోండి. ఆగస్టులో చిట్టి లెక్క స్నానం రోజు 300, ఆరు రోజుల దువ్వెన 225, మొత్తం 525. రోజుకి 75. ఫెరిటిన్ 34. డాక్టరమ్మ ఇంకో మూడు నెలలు బిళ్లలు కొనసాగించమంది.

దారం కొలత మాత్రం అప్పటికీ 6.5 దగ్గరే ఉంది, ఉండాలి కూడా. వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కొత్తవి జడలోకి అందేంత పొడుగవ్వాలంటే ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. కొత్తవి మొలిచాయో లేదో చూడాల్సింది నుదుటి అంచున, పాపిట వెంట. అక్కడ రెండు మూడు సెంటీమీటర్ల పొట్టి వెంట్రుకలు పైకి లేచి నిలబడి ఉంటాయి. ఒకటి పట్టుకుని కొస చూడండి. కొస సూదిలా సన్నబడి ఉంటే కొత్తగా మొలిచింది, మొద్దుగా తెగి ఉంటే పాతది విరిగింది.

వైద్యం మొదలై ఆరు నెలలైనా లెక్క తగ్గకపోయినా, మధ్యలో పాపిట వెడల్పవుతున్నట్టు ఫోటోల్లో తేడా కనిపించినా మళ్లీ డాక్టరు దగ్గరికి పోండి. రెండు జబ్బులు కలిసి ఉండటం అరుదేం కాదు.

చిట్టి ఇప్పుడు లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఉంది. మొన్న ఆదివారం ల్యాబ్‌కి వచ్చి నుదుటి మీద లేచిన పొట్టి వెంట్రుకల్ని చూపించి, "వీటికి జెల్ రాసి అణచాలంటే ఎట్ల మామా, ఫోటోల్లో పిచ్చిదాన్లా పడుతున్నా" అంది. దాని సంగతి నాకు తెలీదన్నా.